"ట్రై చేస్తాం" అంటే అవునా, కాదా?

"శుక్రవారానికి అయిపోతుందా?" అని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వీడియో కాల్‌లో మేనేజర్ అడిగాడు. హైదరాబాద్‌లో మేం ఆరుగురం ఉన్నాం. పేమెంట్ మాడ్యూల్ రాస్తున్న కుర్రాడు మా లీడ్ వైపు ఓసారి చూశాడు, ఆయన నోరు విప్పకపోయేసరికి "ట్రై చేస్తాం సార్" అన్నాడు. అది కాదనడమేనని గదిలో అందరికీ తెలుసు. అవతలాయన మాత్రం శుక్రవారం అని రాసేసుకున్నాడు. తీరా ఆ రోజొచ్చేసరికి టెస్టింగే మొదలవలేదు. "నాకెవరూ చెప్పలేదు" అని ఆయన, "చెప్పాం కదా" అని మావాళ్ళు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

నెదర్లాండ్స్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967–1973 మధ్య రకరకాల దేశాల ఐబీఎం ఉద్యోగులు నింపిన సర్వేలు తీసుకుని "అధికార దూరం" అనే కొలత తయారుచేశాడు. పైవాడితో విభేదించడానికి ఉద్యోగులు ఎంత తరచుగా భయపడతారన్నది అందులో ఒక ప్రశ్న. అంకె ఎంత పెద్దదైతే పైవాడికీ కిందివాడికీ మధ్య దూరం అంత ఎక్కువన్నమాట. ఇండియాకి 77 వచ్చింది, నెదర్లాండ్స్‌కి 38. ఇది ఒకే కంపెనీ వాళ్ళ పాత సగటు, దీన్ని పట్టుకుని ఎదురుగా ఉన్న మనిషిని అంచనా వేయకూడదు. కానీ ఆ కుర్రాడి చూపు లీడ్ వైపు ఎందుకెళ్ళిందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. పెద్దాయన మాట్లాడకుండా తను కాదంటే ఆయన్ని పక్కకి నెట్టినట్టవుతుంది. పైగా మొహం మీద కాదనడం మర్యాద కాదు. ఒకే జవాబులో రెండు ముళ్ళు.

తర్వాతి రిలీజ్ నా చేతికొచ్చినప్పుడు ముందు ప్రశ్న మార్చాను. "అయిపోతుందా?" కాదు, "శుక్రవారానికి ఏం అడ్డొస్తుంది?" అడ్డంకి చెప్పడం ఎవర్నీ ఎదిరించడం కాదు కాబట్టి వెంటనే జవాబు వచ్చింది: బ్యాంకు నుంచి టెస్ట్ అకౌంటే రాలేదట! కాల్‌కి ముందే ఎవరి రోజుల లెక్క వాళ్ళు షీట్‌లో రాయాలని, లీడ్ చివర్లో మాట్లాడాలని పెట్టాను. అయితే ఈ సంగతి ముందు లీడ్‌తో విడిగా కూర్చుని మాట్లాడాను. అందరి ముందూ "మీ సార్ చెప్పింది తప్పా?" అని జూనియర్‌ని అడిగితే ఇద్దరూ మూసుకుపోతారు.

అటువైపూ సర్దాల్సింది ఉంది. ఆ డచ్ మేనేజర్ కోడ్ కింద "ఇది తప్పు, మళ్ళీ రాయండి" అని పెడితే మా కుర్రాడికి రాత్రంతా టెన్షన్, ఉద్యోగం పోతుందేమోనని. ఆయనకి అది మామూలు మాట. తప్పు ఎక్కడో, ఎందుకో ఒక్క వాక్యం కలపమని ఆయన్ని అడిగాను, ఆ మాట కోడ్ గురించేగానీ నీ గురించి కాదని వీడికి చెప్పాను. "ట్రై చేస్తాం" అని వినబడితే అక్కడే ఆగి తేదీ అడగమని కూడా ఆయనకి చెప్పాను.

ఫలితం ఉందో లేదో తెలియాలంటే చెడు కబురు ఎప్పుడొస్తోందో చూడాలి, గడువుకి ముందా, తర్వాతా అని. మూడో రిలీజ్‌లో బుధవారమే ఆ కుర్రాడు మైక్ ఆన్ చేసి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "శుక్రవారం కుదరదు. సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను."