పేజీలో సగం ఎందుకు నల్లబడుతుంది: ఫోన్ స్కానింగ్ వెనుక ఉన్న అంచులు, థ్రెషోల్డ్‌ల కథ

ఫోన్‌తో తీసిన కాగితం ఫొటోను శుభ్రమైన నలుపు తెలుపు ప్రతిగా మార్చే ప్రోగ్రామును చిత్రాలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీతో కొద్ది వరుసల్లోనే రాయవచ్చు. రాసిన తరువాత ముందుగా ఎదురయ్యే చిక్కులు రెండు: లేత రంగు బల్ల మీద పెట్టిన కాగితాన్ని ప్రోగ్రాము అసలు గుర్తించదు; గుర్తించినా, కిటికీకి దూరంగా ఉన్న వైపు పేజీ మసి పూసినట్టు నల్లబడుతుంది. ఈ రెండూ కోడ్ రాసినవారి తప్పులు కావు. వెలుగు ఎక్కడ మారితే దాన్ని అంచు అనాలి, ఎంత చీకటిగా ఉంటే దాన్ని సిరా అనాలి అన్న రెండు ప్రశ్నలకు 1960ల నుంచి వచ్చిన జవాబులు ఒక్కొక్కటీ వెలుతురు గురించి ఏదో ఒక ఊహ మీద ఆధారపడ్డాయి. ఫోన్ కెమెరా ముందు ఆ ఊహలు నిలవకపోవడమే అసలు కారణం.

థ్రెషోల్డ్ సంగతి ముందు చూద్దాం. గ్రేస్కేల్ చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. ఒక గీటురాయి సంఖ్యను ఎంచుకుని, దానికి పైనున్నవన్నీ తెలుపు, కిందివన్నీ నలుపు చేయడమే థ్రెషోల్డింగ్. ఆ సంఖ్య ఎంత ఉండాలన్నదే చిక్కు. 1966లో జుడిత్ ప్రెవిట్, మెండెల్సన్ కలిసి కణాల చిత్రాలను విశ్లేషిస్తూ, ఏ విలువ ఎన్ని పిక్సెల్‌లలో ఉందో చూపే హిస్టోగ్రాంలో రెండు శిఖరాల మధ్య ఉన్న లోయను వెతికే పద్ధతిని వాడారు. లోయ స్పష్టంగా లేనప్పుడు ఆ పద్ధతి తడబడేది. 1979లో జపాన్ పరిశోధకుడు నొబుయుకి ఒట్సు దీనికి చక్కని పరిష్కారం చూపాడు. ప్రతి విలువనూ గీటురాయిగా పెట్టి చూసి, దానివల్ల ఏర్పడే రెండు గుంపులలో లోపలి చెదురు అతి తక్కువగా, గుంపుల మధ్య ఎడం అతి ఎక్కువగా ఉండే విలువను ఎంచుకోవాలన్నాడు. ఓపెన్‌సీవీలో `cv2.THRESH_OTSU` అని రాసినప్పుడు నడిచేది ఇదే.

ఫ్లాట్‌బెడ్ స్కానర్‌కు ఈ పద్ధతి బాగా సరిపోతుంది. అక్కడ సెన్సర్‌తో పాటు దీపం కూడా కదులుతుంది, మూత వేసి ఉంటుంది, పేజీలో ప్రతి వరుసపైనా ఒకే వెలుతురు పడుతుంది. కాబట్టి హిస్టోగ్రాంలో కనిపించే రెండు గుంపులు నిజంగానే కాగితం, సిరా అవుతాయి. ఒట్సు పద్ధతికి కాగితమన్నా, సిరా అన్నా ఏమిటో తెలియదు. దానికి తెలిసింది రెండు గుంపులు మాత్రమే. ఈ విషయం ముందు ముందు చాలా ముఖ్యం.

అంచుల గుర్తింపు దీనికి సమాంతరంగా, వేరే అవసరం నుంచి పుట్టింది. 1963లో ఎంఐటీలో లారెన్స్ రాబర్ట్స్ తన పీహెచ్‌డీ పరిశోధనలో, దిమ్మల ఫొటోల నుంచి వాటి త్రిమితీయ ఆకారాన్ని రాబట్టడానికి, మూలగా పక్కపక్కన ఉన్న పిక్సెల్‌ల మధ్య తేడాను లెక్కించాడు. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో ఇర్విన్ సోబెల్, గ్యారీ ఫెల్డ్‌మన్ మూడు పిక్సెల్‌ల వెడల్పు, మూడు ఎత్తు ఉన్న చిన్న కిటికీని ప్రతిపాదించారు. నడి వరుసకు రెట్టింపు బరువు ఇచ్చి అటూ ఇటూ ఉన్న విలువల తేడాను కూడడం దాని పని. దీని ఫలితం ప్రతి పిక్సెల్ దగ్గరా ఒక తీవ్రత మాత్రమే. ఎంత తీవ్రత ఉంటే అంచు అనాలన్న ప్రశ్న మళ్లీ థ్రెషోల్డ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఎక్కువ పెడితే గీత తెగుతుంది, తక్కువ పెడితే బల్ల చెక్కలోని చారలన్నీ గీతలవుతాయి.

ఈ ముడిని విప్పినవాడు జాన్ కానీ. ఎంఐటీలో చేసిన పనిని ఆయన 1986లో పూర్తి స్థాయి వ్యాసంగా ప్రచురించాడు. అసలైన అంచు తప్పిపోకూడదు, అది ఉన్నచోటే కనిపించాలి, ఒక అంచుకు ఒకే గీత రావాలి అన్న మూడు షరతులను గణితంగా రాసి, వాటినుంచి పద్ధతిని రాబట్టాడు. డాక్యుమెంట్ స్కానింగ్‌కు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆయన చేసిన మరో ఏర్పాటు: ఒక గీటురాయికి బదులు రెండు పెట్టడం. పై గీటురాయిని దాటిన పిక్సెల్ నిస్సందేహంగా అంచు. రెంటికీ మధ్య ఉన్న పిక్సెల్ అలాంటి గట్టి అంచుకు ఆనుకుని, లేదా తనలాంటి పిక్సెల్‌ల గొలుసుతో దానికి కలిసి ఉంటేనే అంచు. కింది గీటురాయికి తగ్గినదాన్ని వదిలేయాలి.

ఇంటెల్‌లో గ్యారీ బ్రాడ్‌స్కీ 1999లో మొదలుపెట్టిన ఓపెన్‌సీవీ ఈ పద్ధతులను ఒక్కొక్క ఫంక్షన్‌గా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దానివల్ల జరిగిన మేలు తక్కువది కాదు. అయితే అందులోని సంఖ్యలు ఒక ఉదాహరణ నుంచి మరో ఉదాహరణకు అర్థం తెలియకుండానే నకలవుతూ వచ్చాయి. పేజీ స్కానర్ పాఠాల్లో అంచుల గుర్తింపుకు తరచూ కనిపించే 75, 200 అనే రెండు గీటురాళ్లు అలాంటివే. వాటి అర్థాన్ని ఒక పేజీ మీద చూద్దాం.

కిటికీ పక్కన బల్లపై ఒక ఏ4 కాగితం ఉందనుకుందాం. ఫొటో కొలత 3000 × 4000 పిక్సెల్‌లు. అంచుల కోసం దాన్ని ఎనిమిదో వంతుకు కుదించి చూస్తాం. చిన్న చిత్రంలో అక్షరాల సందడి తగ్గి, కాగితం హద్దు మిగులుతుంది.

```python
small = cv2.resize(img, (375, 500), interpolation=cv2.INTER_AREA)
gray = cv2.cvtColor(small, cv2.COLOR_BGR2GRAY)
blur = cv2.GaussianBlur(gray, (5, 5), 0)
edges = cv2.Canny(blur, 75, 200)
```

ఇక్కడ మూడో వరుసను వదలకూడదు. చిత్రాన్ని మసకబరచడం జాన్ కానీ పద్ధతిలో భాగమే అయినా, `cv2.Canny` ఆ పనిని తనంతట తాను చేయదు. ఇక లెక్క చూడండి. కాగితానికీ బల్లకూ మధ్య తేడా ఒక్కసారిగా మారే నిటారు హద్దు దగ్గర, ఈ మసక తరువాత సోబెల్ ఇచ్చే తీవ్రత ఆ తేడాకు సుమారు రెండున్నర రెట్లు. అంటే 200 దాటాలంటే కాగితం, బల్ల మధ్య 80కి పైగా తేడా కావాలి. 75 దాటడానికి 30కి పైగా చాలు.

కిటికీ వైపు కాగితం విలువ 225, ముదురు బల్ల విలువ 120 అయితే తేడా 105, తీవ్రత 260 దాటుతుంది. అక్కడ గీత గట్టిగా మొదలవుతుంది. నీడ వైపు కాగితం 110కీ, బల్ల 60కీ పడిపోతాయి. తేడా 50, తీవ్రత 125. ఒకే గీటురాయి 200 దగ్గర ఉంటే ఈ వైపు హద్దు మాయమయ్యేది. కానీ పైహద్దు వెంబడి వెలుగు నుంచి నీడలోకి గీత తెగకుండా సాగుతుంది కాబట్టి నీడ వైపు అంచు కూడా నిలుస్తుంది. అదే కాగితాన్ని 190 విలువ ఉన్న లేత బల్లపై పెడితే, వెలుగు వైపు కూడా తేడా 35, తీవ్రత సుమారు 87 మాత్రమే. చుట్టూ ఎక్కడా 200 దాటిన పిక్సెల్ ఒక్కటి కూడా లేదు. కలవడానికి గట్టి అంచు లేక బలహీన అంచులన్నీ కొట్టుకుపోతాయి. మొదటి చిక్కుకు మూలం ఇదే. గీటురాళ్లను 25, 75కు దింపితే కాగితం కనిపిస్తుంది, కానీ దానితోపాటు చెక్క చారలు కూడా కనిపిస్తాయి. బల్ల రంగు మీద ఆధారపడిన ఈ చిక్కుకు కాగితం కింద ముదురు గుడ్డ పరచడాన్ని మించిన మందు లేదు.

అంచులు వచ్చిన తరువాత `cv2.findContours` వాటి వెంట నడిచి చుట్టు గీతలను ఇస్తుంది. ఇది 1985లో సుజుకి, అబే ప్రచురించిన పద్ధతి. వాటిలో ఎక్కువ వైశాల్యం ఉన్నదాన్ని తీసుకుని, `cv2.approxPolyDP`తో నాలుగు మూలలుగా సరళం చేస్తారు. ఇక్కడ ఒక లోపం కంటికి కనబడదు. కాగితం హద్దులో ఒక్కచోట గీత తెగినా, ఆ గీత పెట్టెలా మూసుకోదు. ప్రోగ్రాము సన్నని తీగకు అటువైపు వెళ్లి ఇటువైపు తిరిగి వస్తుంది కాబట్టి వైశాల్యం దాదాపు సున్నా అవుతుంది. తెరపై `edges` చూస్తే కాగితం చక్కగానే కనిపిస్తుంది, ఫలితంలో మాత్రం పేజీలోని ఏ ముద్రో, పట్టికో ఎంపికవుతుంది. ఇలా జరిగితే `cv2.contourArea` విలువలను అచ్చు వేసి చూడాలి. తెగిన చోట్లను `cv2.dilate`తో కలపాలి. మూలలు దొరికాక వాటిని ఎనిమిదితో హెచ్చించి, అసలు ఫొటో నుంచే పేజీని నిటారుగా సరిదిద్ది, గ్రేస్కేల్‌కు మారుస్తారు. అంగుళానికి 200 చుక్కల లెక్కన ఏ4 పేజీ 1654 × 2339 పిక్సెల్‌లు అవుతుంది.

ఇప్పుడు రెండో చిక్కు. మన పేజీలో సిరా కాస్త వెలిసింది: వెలుగు వైపు దాని విలువ 120. నీడ వైపు కాగితం విలువే 110. వెలుగులోని సిరా కంటే నీడలోని కాగితం నల్లగా ఉందన్నమాట. రెంటినీ వేరు చేసే ఒకే సంఖ్య ఈ పేజీకి లేదు, ఎంత వెతికినా దొరకదు. ఒట్సు పద్ధతి రెండు పెద్ద గుంపులను వెతుకుతుంది. పేజీలో సిరా కొద్దిగానే ఉంటుంది కనుక ఆ గుంపులు వెలుగులోని కాగితం, నీడలోని కాగితం అవుతాయి. అది తన పని తాను సరిగ్గానే చేసి, నీడ సగాన్ని నల్లగా నింపుతుంది.

అందుకే ప్రతి పిక్సెల్‌కూ దాని చుట్టుపక్కల సగటును బట్టి వేరే గీటురాయి కావలసి వచ్చింది.

```python
bw = cv2.adaptiveThreshold(page, 255,
        cv2.ADAPTIVE_THRESH_GAUSSIAN_C,
        cv2.THRESH_BINARY, 31, 12)
```

31 అన్నది చుట్టూ చూసే చతురస్రం వెడల్పు, 12 అన్నది సగటు నుంచి తీసివేసే విలువ. నాలుగు పిక్సెల్‌ల మందమున్న మామూలు అక్షరం గీత దగ్గర, వెలుగు వైపు గీటురాయి సుమారు 180, నీడ వైపు సుమారు 82 వస్తుంది. 120 విలువ ఉన్న సిరా, 59కి పడిపోయిన సిరా రెండూ నల్లగానే నిలుస్తాయి. అదే ఇరవై పిక్సెల్‌ల మందమున్న శీర్షికలో, గీత నడుమ చుట్టూ ఉన్నదంతా దాదాపు సిరానే. సగటు సుమారు 125, గీటురాయి 113. సిరా విలువ 120 దానికంటే ఎక్కువ కనుక తెల్లబడుతుంది. శీర్షిక అక్షరాలు లోపల బోలుగా, అంచులు మాత్రమే మిగిలి కనిపిస్తే చతురస్రం చిన్నదైందని అర్థం.

తీసివేసే 12లో మరో మెలిక ఉంది. నీడ విలువలను తగ్గించేటప్పుడు తేడాలను కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. కాగితం కంటే 20 మాత్రమే ముదురుగా ఉన్న పెన్సిల్ గీత వెలుగులో బతుకుతుంది, నీడలో ఆ తేడా 10కి చేరి గీత పోతుంది. తెలుగు రాతకు ఇది ఊరికే పోయే నష్టం కాదు. ధ కింది చిన్న గీత పోతే అది ద అవుతుంది, చదివేవారికి తప్పు జరిగిన ఆనవాలు కూడా ఉండదు. ఫిన్లాండ్‌కు చెందిన సావోలా, పియెటికైనెన్ 2000లో ప్రచురించిన పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు తగ్గించింది. సగటు నుంచి స్థిర సంఖ్యను తీసివేయకుండా, చుట్టుపక్కల విలువల చెదురును బట్టి సగటును హెచ్చించే నిష్పత్తిని వాళ్లు వాడారు. ఓపెన్‌సీవీ అదనపు మాడ్యూళ్లలో `cv2.ximgproc.niBlackThreshold`కు సావోలా ఎంపికను ఇస్తే ఇది నడుస్తుంది.

అదనపు మాడ్యూళ్లు లేనివారు థ్రెషోల్డ్‌కు ముందే నీడను భాగించి తీసేయవచ్చు. `cv2.dilate`తో అక్షరాలను చెరిపి, `cv2.medianBlur`తో నున్నగా చేస్తే ఉత్త కాగితం వెలుగు పటం `bg` మిగులుతుంది. `cv2.divide(page, bg, scale=255)` పేజీని దానితో భాగిస్తుంది. వెలుగులో 225 మీద 205, నీడలో 110 మీద 100 — రెండూ భాగహారం తరువాత 232 అవుతాయి. ఆ పెన్సిల్ గీత రెండు వైపులా ఒకే విలువతో బయటికి వస్తుంది. అయితే భాగహారం నీడలోని గీతను పెంచినంతగా అక్కడి సెన్సర్ గరుకునూ, జేపెగ్ కుదింపులో ఏర్పడిన ఎనిమిది పిక్సెల్‌ల గళ్లనూ పెంచుతుంది. నీడలో కాగితం విలువ 40, 50కి పడిపోయిన ఫొటోలో ఆ గీతకూ గరుకుకూ తేడా చెప్పడం ఏ సంఖ్యకూ సాధ్యం కాదు. అలాంటి పేజీని మళ్లీ ఫొటో తీయవలసిందే.