నిశి పిలుపుకి ఎకో పెట్టకండి: బెంగాలీ దయ్యం కథల ఆడియో, అపోహలు - వాస్తవాలు

నెలకి ఇద్దరు ముగ్గురైనా తమ మొదటి ఎపిసోడ్ పంపి, "అన్నా, ఎందుకో భయం వేయట్లేదు, ఇంకేం ఎఫెక్ట్ పెట్టమంటావ్?" అని అడుగుతుంటారు. చాలాసార్లు నా జవాబు ఒకటే: పెట్టినవి తీసెయ్యండి.

నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. అక్కడ విన్న కథలనే ఇప్పుడు తెలుగులో రాసి, చదివి, ఎడిట్ చేసి పాడ్‌కాస్ట్‌లకి ఇస్తుంటాను. కాబట్టి ఈ తప్పులన్నీ ముందు నేను చేసినవే.

అపోహ: దయ్యం గొంతు దయ్యం గొంతులా ఉండాలి

అన్నిటికంటే ఎక్కువ ఎపిసోడ్లని చంపేది ఇదే. బెంగాలీ కథల్లో పేత్నీ, శాఁక్‌చున్నీ లాంటి ఆడ దయ్యాలు ముక్కుతో మాట్లాడతాయి, నిజమే. దాన్ని మన ముక్కుతోనే పలికితే సరిపోతుంది. నిశి అలా కాదు. అది రాత్రిపూట మన సొంత మనిషి గొంతుతో, పేరు పెట్టి పిలుస్తుంది. పలికి బయటికి వెళ్లినవాడు తిరిగి రాడు. కాకపోతే రెండుసార్లకి మించి పిలవలేదని నమ్మకం. అందుకే రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకొద్దని పిల్లలకి చెప్పేవాళ్లు. గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఈ భయం కొత్తేమీ కాదు.

అంటే భయమంతా ఆ గొంతులో ఏ తేడా లేకపోవడంలోనే ఉంది. నేను మొదటిసారి నిశి కథ చేసినప్పుడు ఆ పిలుపుని రెండు శ్రుతులు కిందికి దించి, గుహలో అరిచినట్టు రివర్బ్ పెట్టి, కింద ఈదురుగాలి పరిచాను. భలే వచ్చిందనుకుని పక్కింటి మాసీమాకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. ఆవిడ మొత్తం విని, "అలాంటి గొంతు పిలిస్తే ఎవడు పలుకుతాడు బాబూ? తలుపు బిగించుకుని పడుకుంటాడు" అంది. మూడు రోజుల పని ఒక్క మాటతో పోయింది.

అదే సన్నివేశం తర్వాత ఇలా రాసుకున్నాను. బ్రాకెట్లలో ఉన్నవి నాకు, ఎడిటర్‌కి గుర్తులు. గది టోన్ అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే సన్నని చప్పుడు.

(గది టోన్. దూరంగా కీచురాళ్లు, సన్నగా. సంగీతం లేదు.)
వాన వెలిసింది. (1 సె.) నిమాయికి సగం నిద్ర, సగం మెలకువ. (2 సె.)
(అమ్మ గొంతు, ఎడమవైపు. అన్నానికి పిలిచినట్టు మామూలుగా. ఎఫెక్ట్ లేదు.) "నిమాయీ."
(3 సె. కీచురాళ్లు అలాగే.)
(వేగం మార్చకుండా) చెరువు గట్టు మీంచి. దీపం తెమ్మంటోందేమో అనుకున్నాడు. (1 సె.)
(అమ్మ గొంతు, అదే చోటు, అంతే గట్టిగా.) "నిమాయీ."
(కీచురాళ్లు ఆగిపోతాయి. 5 సె. గది టోన్ ఒక్కటే.)
(నెమ్మదిగా) లేచాడు. (1 సె.) గడియ మీద చెయ్యి వేశాడు. (2 సె.)
(ఎఫెక్ట్, కుడివైపు, బాగా దగ్గరగా: శంఖపు గాజులు ఒక్కసారి తగిలిన చప్పుడు.)
(2 సె.)
(గొంతు దించి) లోపలి గదిలో, నిద్రలో అమ్మ పక్కకి తిరిగింది.
(6 సె. సంగీతం వద్దు.)

కీచురాళ్లు పక్కన పెడితే ఇందులో ఎఫెక్ట్ ఒక్కటే. రెండో పిలుపుని పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. పెంచొద్దు. పెంచితే ఏదో జరగబోతోందని మనమే ముందు చెప్పేసినట్టు. అలాగని మొదటి పిలుపునే కాపీ చేసి అతికించినా కుదరదు, చెవి ఇట్టే పట్టేస్తుంది. ఒకే సిట్టింగ్‌లో రెండూ విడివిడిగా చెప్పించండి. ఇక రెండో పిలుపు తర్వాతి 5 సెకన్లలో వినేవాడు చేసే పని ఒకటే, మూడో పిలుపు కోసం ఎదురుచూడటం. అక్కడ ఒకే స్వరం సాగుతూ ఉండే డ్రోన్ మ్యూజిక్ పెడితే ఆ ఎదురుచూపు పోతుంది.

అపోహ: విరామం అంటే ఖాళీ

ఎడిటర్‌లో ఆ ముక్కని సున్నా చేసేస్తే ఆడియో తెగిపోయిందనుకుని జనం ఫోన్ తీసి చూస్తారు. రికార్డింగ్ అవ్వగానే మైక్ కదపకుండా, గెయిన్ మార్చకుండా, ఒక నిమిషం నోరు మూసుకుని కూర్చోండి. ఆ గది టోన్‌నే విరామాల్లో పరచాలి. గొంతు మీద నాయిస్ గేట్ ఉంటే తీసెయ్యండి, ప్రతి వాక్యం చివరా అది గదిని మింగేస్తుంది. ఒక ఇబ్బందికి మాత్రం పూర్తి మందు లేదు. కొన్ని యాప్‌లలో విరామాలని కుదించే సెట్టింగ్ ఉంటుంది, అది వినేవాళ్ల చేతిలోది. నా 6 సెకన్లు వాళ్ల దగ్గర ఒక్క సెకను కావచ్చు. అందుకని ఆ సెట్టింగ్ ఆపేసి వినమని ఎపిసోడ్ మొదట్లోనే చెబుతాను.

అపోహ: గుడ్లగూబ, గజ్జెలు, తోడేలు ఉంటే చాలు

మనకి గుడ్లగూబ అపశకునం. బెంగాల్‌లో తెల్లగుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం, ఇంటికొస్తే సంతోషిస్తారు. ఆ కూత విని బెంగాలీ శ్రోత భయపడడు. తోడేలు ఊళ హాలీవుడ్‌ది, బెంగాల్ పల్లె రాత్రికి నక్కల కూత కావాలి. గజ్జెల సంగతి అందరూ తప్పే చేస్తారు. శాఁక్‌చున్నీ పెళ్లయి చనిపోయిన ఆడమనిషి దయ్యం, దాని గుర్తు చేతికున్న శంఖపు గాజులు. అవి గలగలమనవు. రెండు ఎముకలు తగిలినట్టు పొడిగా 'టక్' అంటాయి. నేను నిజం గాజులే కొని, మైక్‌కి జానెడు దూరంలో, ఎడమచేత్తో దుప్పటి పట్టుకుని కుడిచేతిని మెల్లగా తిప్పుతూ రికార్డ్ చేశాను. దుప్పటి ఎందుకంటే, ఆ రాపిడి వినపడితేనే మంచం మీద పక్కకి తిరిగినట్టు అనిపిస్తుంది. గాజులు మాత్రమే అయితే వంటింట్లో గిన్నె తగిలినట్టుంది.

మిగతావి గబగబా

బేస్ గొంతు లేకపోతే ఇందులో పనికిరామని టెన్షన్ పడేవాళ్లకి: పైన రాసిన పిలుపు అమ్మది. ఆ ఎపిసోడ్‌లో అది చెప్పింది మా అక్క, జీవితంలో మైక్ ముందు కూర్చోని మనిషి. నటించడం రాదు కాబట్టే బాగా వచ్చింది. మీ గొంతు సన్నగా ఉంటే ఇంకా మంచిది, దాన్ని బలవంతంగా బరువు చేయబోయి మూడో పేజీకే అలిసిపోకండి.

"ఫ్రీ" అని రాసున్న సౌండ్లన్నీ ఫ్రీ కావు. లైసెన్స్‌లో NC అని, అంటే డబ్బు సంపాదనకి వాడకూడదని ఉంటే యాడ్లు వచ్చే పాడ్‌కాస్ట్‌లో వాడొద్దు.

అర్ధరాత్రి రికార్డ్ చేస్తే వేరే గొంతులు పడతాయన్న పుకారు మాత్రం నాకు విసుగు తెప్పిస్తుంది. మొన్న ఒక కుర్రాడు వణికిపోతూ ఫైల్ పంపాడు, తన మాటల మధ్యలో ఎవరో ఆడమనిషి గుసగుసలాడుతోందట. విన్నాను, నిజంగానే ఉంది. "నువ్వు చదివేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఏం వింటున్నావు?" అని అడిగాను. పిలుపు ఎక్కడొస్తుందో తెలియడానికి వాళ్ల చెల్లెలి ట్రాక్ పెట్టుకున్నాడట, ఫుల్ వాల్యూమ్‌లో. హెడ్‌ఫోన్స్‌లోంచి కారి మైక్‌లో పడింది.