పుష్‌పిన్ తిప్పగానే ఊడిరాదు: ఇంటెల్ కూలర్ విప్పడంలో అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో మాది కంప్యూటర్ రిపేర్ షాపు. వచ్చేవాళ్లలో కడప, అనంతపురం, నెల్లూరు వైపు కుర్రాళ్లే ఎక్కువ. పీజీలో పెట్టుకున్న పాత డెస్క్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందని తెస్తారు. చాలాసార్లు అందులో పాడయిందేమీ ఉండదు, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది అంతే. దాన్ని దులపాలంటే కూలర్ విప్పాలి. ఆ విప్పడంలోనే ప్లాస్టిక్ కాళ్లు పటుక్కుమంటాయి.

నేను చెప్పేది ఇంటెల్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చే గుండ్రటి కూలర్ గురించే. నాలుగు కాళ్లు, ఒక్కో కాలి చివర ఒక నల్ల టోపీ, దాని మీద ఒక బాణం గుర్తు. 2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తో వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. ఏఎండీ కూలర్లకు సాధారణంగా కొక్కెం లివరో స్క్రూలో ఉంటాయి. వాటికి ఇది వర్తించదు.

అపోహ: నల్ల టోపీని బాణం వైపు తిప్పితే పిన్ను ఊడిపోతుంది

విరిగిన కాళ్లలో ఎక్కువ భాగం దీని పుణ్యమే. తిప్పితే తాళం మాత్రమే తెరుచుకుంటుంది, పిన్ను ఉన్నచోటే ఉంటుంది.

లోపల ఏముందో తెలిస్తే చేతికి తొందర తగ్గుతుంది. పుష్‌పిన్ అంటే రెండు ముక్కలు. బయటిది తెల్లది. దాని కింది కొస రెండుగా చీలి ఉంటుంది, చీలికల చివర చిన్న కొక్కేలు ఉంటాయి. మదర్‌బోర్డు రంధ్రంలోంచి అవతలికి వెళ్లేవి అవే. లోపలిది నల్లది, పైన టోపీ, కింద సన్నటి పుల్ల. టోపీని కిందికి నొక్కితే, కట్టె చీలికలో మేకు దిగినట్టు, ఆ పుల్ల తెల్ల చీలికల మధ్యకు దిగి వాటిని ఎడం చేస్తుంది. కొక్కేలు రంధ్రం కన్నా వెడల్పవుతాయి, ఇక వెనక్కి రావు. కూలర్‌ని పట్టుకునే బలమంతా అక్కడే ఉంది.

కాబట్టి విప్పడమంటే ముందు నల్ల పుల్ల పైకి రావాలి, అప్పుడు తెల్ల చీలికలు దగ్గరవ్వాలి, ఆ తర్వాతే కాలు బోర్డు మీద నుంచి లేవాలి. టోపీని బాణం చూపే వైపు, అంటే ఎడమవైపుకి, పావు చుట్టు తిప్పితే మొదటి పనికి దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత టోపీ అంచు కింద గోరు పెట్టి నిటారుగా పైకి లాగాలి. టోపీ కాస్త ఎత్తుకు లేచి అక్కడే నిలబడుతుంది. తిప్పేసి, టోపీ లేపకుండా హీట్‌సింక్ పట్టుకుని లాగితే విచ్చుకున్న కొక్కేలు బోర్డుకు అడ్డం తగులుతాయి. అప్పుడు విరిగేది తెల్ల ముక్కే.

పావు చుట్టు దగ్గర చేతికి ఒక అడ్డు తగులుతుంది. అక్కడ ఆగిపోవాలి. ఇంకాస్త బిగించి తిప్పితే లోపలి ఆ అడ్డు తెగిపోతుంది, ఆపైన టోపీ గింగిరాలు తిరుగుతుంది తప్ప పట్టు దొరకదు. బాణం మీద ఇంకో గందరగోళం కూడా ఉంది. చాలామంది అది బిగించే దిక్కనుకుంటారు. కాదు, అది విప్పే దిక్కు.

అపోహ: బోర్డు వెనక నుంచి పట్టకారుతో పిండితే సులువుగా వస్తుంది

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. చిప్‌సెట్ మీద, కొన్ని గ్రాఫిక్స్ కార్డుల మీద చిన్న హీట్‌సింకులు ఉంటాయి. వాటి పిన్నులు ఒకే ముక్క, చుట్టూ చిన్న స్ప్రింగు, కింద బాణంమొన లాంటి కొస. వాటిని నిజంగానే వెనక నుంచి సన్నమూతి పట్టకారుతో పిండి, రంధ్రంలోంచి పైకి వదలాలి. వాటిలో తిప్పడమనేదే లేదు, తిప్పితే మెడ తెగుతుంది.

ప్రాసెసర్ కూలర్ పిన్నుకి అదే వైద్యం చేస్తే, మధ్యలో నల్ల పుల్ల ఉండగానే చీలికల్ని దగ్గరకు నొక్కుతున్నట్టు. ప్లాస్టిక్‌కి పోవడానికి చోటు లేదు, పగులుతుంది. అయితే నల్ల పుల్ల పూర్తిగా పైకి వచ్చాక కూడా తెల్ల చీలికలు దగ్గరవ్వని సందర్భాలుంటాయి. ఏళ్ల తరబడి ఎడంగా ఉండి, వేడికి అదే ఆకారానికి అలవాటు పడిపోయి ఉంటాయి. అప్పుడు మాత్రం వెనక నుంచి ట్వీజర్స్‌తో మెల్లగా దగ్గరకు నొక్కి పైకి వదలొచ్చు. పట్టకారు తప్పు కాదు, ముందు నల్లది పైకి రాకుండా దాన్ని వాడటం తప్పు.

మొన్న వచ్చిన ఒక కేసులో ఇదంతా ఒకేచోట కనిపించింది. కోర్ ఐ3 2120, ఎల్‌జీఏ 1155 బోర్డు. ప్రొద్దుటూరు అబ్బాయి, కూలర్ సగం విప్పి అలాగే సంచిలో పెట్టుకొచ్చాడు.

"అన్నా, నాలుగూ తిప్పేసినా. రెండు పైకొచ్చినాయి. ఇంగ రెండు రావడంల్యా. గట్టిగా లాగితే బోర్డు వంగుతాంది, భయమేసి ఆపినా."

ఆపడం మంచి పని చేశాడు. ముందు బోర్డుని కేబినెట్‌లోంచి బయటికి తీసి వెనక్కి తిప్పి చూశాను. చాలా కేబినెట్లలో సాకెట్ వెనక కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది, అతనిదాంట్లో లేదు. వెనక వైపు చూస్తే ఏ పిన్ను ఏ స్థితిలో ఉందో ఊహించాల్సిన పని లేదు. తెల్ల చీలికల మధ్య నల్ల మొన కనిపిస్తే అది ఇంకా బిగిసే ఉంది. మొన కనిపించకుండా చీలికలు దగ్గరగా ఉంటే విడిపోయినట్టు. అతని నాలుగింటిలో రెండు విడిపోయాయి. ర్యామ్ వైపున్న దాంట్లో నల్ల మొన స్పష్టంగా కనిపిస్తోంది. పవర్ కనెక్టర్ మూలలో ఉన్నదాంట్లో నల్లది పైకే వచ్చింది కానీ చీలికలు విచ్చుకునే ఉన్నాయి.

రెండోది ట్వీజర్స్‌తో చిటికెలో వచ్చింది. ర్యామ్ వైపుది అసలు సమస్య. అతను బాగా తిప్పేయడంతో దాని లోపలి అడ్డు తెగిపోయింది, టోపీ ఊరికే తిరుగుతోంది. పైనుంచి లాగుదామంటే ఫ్యాన్ చట్రానికీ ర్యామ్ స్లాటుకీ మధ్య వేలు పట్టదు. ఇలాంటప్పుడు పైనుంచి బలం పెట్టకుండా వెనక నుంచి పని చేయాలి. చీలికల మధ్య కనిపించే ఆ నల్ల మొనని మొండిగా ఉన్న సన్నటి పుల్లతో నిటారుగా నెడితే లోపలి నల్ల పుల్ల పైకి జారుతుంది. ఖాళీ అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ వెనక కొస నాకు అన్నిటికన్నా నచ్చిన పనిముట్టు. ప్లాస్టిక్ కాబట్టి జారినా బోర్డు మీద గీత పడదు. స్క్రూడ్రైవర్ మొన జారితే సన్నటి రాగి గీతలు తెగుతాయి, అప్పుడు బోర్డే పోతుంది. టోపీ పూర్తిగా విరిగిపోయిన పిన్నుకి కూడా ఇదే దారి.

అపోహ: స్క్రూడ్రైవర్ లేకుండా కుదరదు

టోపీ మీద గాడి ఉంది కాబట్టి అలా అనుకుంటారు. వేళ్లతోనే తిరుగుతుంది. వేలు పట్టని మూలలో మాత్రం గాడికి సరిపడా వెడల్పున్న చపటా స్క్రూడ్రైవర్ వాడండి. తిప్పడానికే వాడండి, కిందికి నొక్కకండి, మీటకండి.

అపోహ: పిన్నులన్నీ వచ్చినా కూలర్ రాకపోతే ఇంకా ఎక్కడో బిగిసి ఉన్నట్టే

కాదు, చాలాసార్లు అది ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు. ఏళ్లు గడిస్తే ఎండి జిగురులా పట్టేస్తుంది. నాలుగు కాళ్లూ విడిపోయాయని వెనక చూసి తేల్చుకున్నాక ఇక పిన్నుల్ని అనుమానించొద్దు. అది తెలియక కాళ్లు పట్టుకుని మీటేవాళ్లు చివరి నిమిషంలో మంచి పిన్నుని కూడా విరిచేస్తారు.

విప్పేముందే మెషీన్ ఆన్ అవుతుంటే ఓ పది నిమిషాలు నడవనిచ్చి, ఆపి, ప్లగ్ తీసి, వెంటనే పని మొదలుపెడితే పేస్టు కాస్త మెత్తబడి ఉంటుంది. ఆన్ కాని మెషీన్ అయితే హీట్‌సింక్ రెక్కలకు హెయిర్ డ్రయ్యర్ గాలి కొద్దిసేపు తగలనివ్వండి. తర్వాత కూలర్‌ని రెండు చేతులతో పట్టుకుని ఎడమకి కొంచెం, కుడికి కొంచెం మెలితిప్పుతూ ఉంటే పట్టు వదులుతుంది. నిటారుగా పీకొద్దు. ఇంటెల్ సాకెట్లో ప్రాసెసర్ మీద ఇనుప చట్రం బిగించి ఉంటుంది కాబట్టి మెలితిప్పినా అది కదలదు. పాత ఏఎండీ ఏఎం4 సాకెట్లో ఆ చట్రం లేదు, ప్రాసెసర్ కూలర్‌తో పాటే పిన్నులు వంగి బయటికి వచ్చేయగలదు. అక్కడ మరింత ఓపిక కావాలి.

ఇంకొకటి. ఫ్యాన్ వైరు ముందే పీకి పెట్టుకోండి. పిన్నుల్ని వరుసగా కాకుండా ఎదురెదురు మూలలుగా విప్పండి. కాళ్లు వంగి ఉండడం వల్లే కూలర్ ప్రాసెసర్‌ని ఒత్తుతుంది. ఒక పక్క రెండూ ముందే వదిలేస్తే ఆ బరువంతా మిగిలిన రెండు పిన్నుల మీద వాలుగా పడుతుంది.

అపోహ: ఒక్క పిన్ను విరిగినా మూడింటి మీద నడుస్తుంది

నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ విరిగిన మూల వైపు కూలర్ కొద్దిగా లేస్తుంది, పేస్టు ఒకవైపు పలచగా, ఇంకోవైపు మందంగా పడుతుంది. బయోస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి, ఏదైనా గేమ్ పెట్టగానే ఎగబాకి మెషీన్ ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. ఫెవిక్విక్‌తో అతికించడం అంతకన్నా దండగ. ఆ అతుకు మీద పడేది ఎప్పుడూ లాగే బలం, వేడి కూడా తోడవుతుంది.

విడి పిన్నులు దొరుకుతాయి. ఎస్పీ రోడ్డులో కూలర్లు అమ్మే చిన్న షాపుల్లో అడగండి. మంచిగా ఉన్న ఒక పిన్నుని విప్పి చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి, పొడవు తేడా ఉంటే బిగిసినట్టే ఉండి బిగియదు. పిన్ను దొరక్క ఇంకో పాత కూలర్ కొనేటట్టయితే సాకెట్ చూసుకోండి. రంధ్రాల మధ్య దూరం ఎల్‌జీఏ 775లో 72 మిల్లీమీటర్లు, 1155 లాంటి వాటిలో, 1200లో 75, 1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని వంచి ఎక్కిస్తే పిన్నులు వాలుగా దిగుతాయి. ఎక్కడం ఎలాగోలా ఎక్కుతాయి, తర్వాత విప్పేటప్పుడు విరగడం ఖాయం.

ప్రొద్దుటూరు అబ్బాయి కూలర్‌కి ఆ ఒక్క పిన్నూ మార్చాను. తిరిగి బిగించేముందు నాలుగు టోపీల్నీ బాణానికి ఎదురు దిక్కులో తిప్పి, పూర్తిగా పైకి లాగి పెట్టాలి. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య బియ్యపు గింజంత కొత్తది వేయాలి. తెల్ల కొసలు నాలుగూ రంధ్రాల్లో నిటారుగా కూర్చున్నాయని చూసుకున్నాకే ఎదురెదురు మూలలు రెండు కలిపి నొక్కాలి. ఒక్కోటి టక్ మంటుంది. ఆ శబ్దాన్ని నమ్ముకోకండి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు నల్ల మొనలూ చీలికల మధ్య కనిపిస్తున్నాయో లేదో లెక్కపెట్టుకుని అప్పుడు కేబినెట్లో బిగించండి.