పిల్లర్‌కి జాకెట్ వేస్తే బరువు ఎవరు మోస్తారు?

"మా ఇంటి పిల్లర్లు 9 × 12 అంగుళాలవి. చుట్టూ నాలుగంగుళాల కాంక్రీటు జాకెట్ పోస్తే ఇంకో అంతస్తు వేసుకోవచ్చని మేస్త్రీ అంటున్నాడు, నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. 230 × 300 మిల్లీమీటర్ల పిల్లర్ 430 × 500 అయితే వైశాల్యం మూడు రెట్లు దాటుతుంది. చిక్కల్లా ఆ కొత్త కాంక్రీటుకు బరువు అందడంలోనే ఉంది.

నెత్తిన బస్తాతో నిలబడ్డ కూలీ పక్కన ఇంకొకడొచ్చి నిలబడ్డాడనుకోండి. బస్తాను కాస్త పైకెత్తి ఇద్దరి తలల మీదా సర్దితే తప్ప రెండోవాడు మోసేదేమీ లేదు. మూడు మీటర్ల పిల్లర్ మీద 30 టన్నులుంటే అది ఇప్పటికే దాదాపు 0.7 మిల్లీమీటర్లు కుంగి ఉంటుంది. జాకెట్ ఆ తర్వాత వచ్చి చేరింది, కాబట్టి పాత బరువంతా పాత పిల్లర్‌దే. పైగా రెండోవాడు నిలబడ్డాక పొట్టివాడవుతాడు! మామూలు కాంక్రీటు ఆరేటప్పుడు మూడు మీటర్లకు 0.9 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోగలదు. అందుకే ముందు దూలాల కింద జాకీలు పెట్టి బరువు కొంత ఎత్తాలి. ఆ జాకీల కింద నేల దాకా గట్టి ఆధారం ఉండాలి. పోసేది కుంచించుకుపోని మైక్రో కాంక్రీటయితే మేలు.

ఆపైన పడే బరువు పాతదాన్నుంచి కొత్తదానికి చేరే దారి ఆ రెండూ కలిసే ముఖమే. ప్లాస్టరింగ్ మీద జాకెట్ పోయడం దండగ. ప్లాస్టర్, గుల్లబారిన కాంక్రీటు తీసేసి, కంకర రాళ్లు పైకి తేలేలా ఐదారు మిల్లీమీటర్ల గరుకు వచ్చేదాకా చిప్పింగ్ చేయాలి. తుప్పు పట్టిన కడ్డీ చుట్టూ, వెనకా కూడా తవ్వి శుభ్రం చేయాలి. దుమ్ము ఊదేసి, పాత ముఖాన్ని బాగా తడపాలి, కానీ పోసేటప్పుడు పైన నీళ్లు నిలవకూడదు. ఎపాక్సీ పూస్తే అది జిగటగా ఉండగానే పోయాలి. ఎండిపోయిందా, అంటించాల్సిందే విడదీస్తుంది.

కొత్త నిలువు కడ్డీలు ఫుటింగ్‌లోకి దిగాలి, శ్లాబుకు రంధ్రాలు చేసి పైకి వెళ్లాలి. నేల మీదే ఆపేస్తే అవి అలంకారమే. రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. జాకెట్ మందం కనీసం 100 మిల్లీమీటర్లని, కాంక్రీటు బలం పాతదానికంటే కనీసం 5 మెగాపాస్కల్ ఎక్కువ ఉండాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 15988 చెబుతుంది. ఇరుకు సందు కాబట్టి 10 మిల్లీమీటర్ల కంకర చిప్సే వాడాలి.

"ఈశాన్యం పిల్లర్ లావు కాకూడదు" అని మూడింటికే జాకెట్ వేయించేవాళ్లూ ఉన్నారు. జాకెట్ వేసిన పిల్లర్ 300 మిల్లీమీటర్ల వైపు వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లు పైగా పెరుగుతుంది. భూకంపంలో బిగువెక్కువున్న ఆ మూడే ఊపు బలాన్ని ఎక్కువగా లాక్కుంటాయి, ఇల్లు మెలితిరుగుతుంది.

అన్నట్టు, ఫుటింగ్‌ను లెక్క కట్టకుండా అంతస్తు మాటెత్తొద్దు. జాకెట్ అయ్యాక సుత్తితో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే అక్కడ అతకలేదు. దూలం కింద వెంట్రుకంత సందు కనిపించినా ఆ జాకెట్‌కు పైనుంచి బరువు నేరుగా అందట్లేదు. సందును గ్రౌటుతో నింపించాకే జాకీలు దించాలి.