స్పీకర్‌కు ఏ పేరు పెడితే ఊరికే పలకదు?

ఇంట్లో పెట్టుకునే మాట వినే స్పీకర్‌ను ఇప్పుడు సొంతంగానే తయారు చేసుకోవచ్చు. చిన్న బోర్డు, మైకు, ఓపెన్‌వేక్‌వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మనకు నచ్చిన పేరుతో పిలుచుకోవచ్చు. అయితే చాలామంది అందమైన పేరు వెతుకుతారు గానీ ఆ పేరుకు దగ్గరగా మనింట్లో రోజూ ఏయే మాటలు వినిపిస్తాయో చూసుకోరు. అసలు చూడాల్సింది అదే.

ఎందుకంటే ఆ యంత్రానికి పదాలు తెలియవు. శబ్దాన్ని సెకనులో వందో వంతు చొప్పున ముక్కలు చేసుకుంటూ, చివరి ఒకటి రెండు సెకన్లలో విన్నది పేరుకు ఎంత దగ్గరగా ఉందో 0 నుంచి 1 మధ్య ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు మనం పెట్టిన హద్దు, అంటే 0.5 అనుకోండి, దాటితే లేస్తుంది. ఒక మాట ఎక్కడ అయిపోయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అన్న లెక్క దానికి లేదు. జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇలా పొరపాటున లేచే సందర్భాలను వెతికితే వెయ్యికి పైగా దొరికాయి. 'ఎలెక్షన్', 'అనాక్సెప్టబుల్' అన్నా అలెక్సా లేచింది.

మన దగ్గరికి వద్దాం. హన్మకొండలో ఒక ఇల్లు, స్పీకర్‌కు పాలపిట్ట అని పేరు పెట్టాలనుకున్నారు. రాష్ట్ర పక్షి, దసరా నాడు తప్ప ఆ మాట ఎవరూ పెద్దగా అనరు, పైగా ఎనిమిది ధ్వనులున్నాయి (ఆరుకు తక్కువ ఉండొద్దని ఈ పని చేసేవాళ్లు అంటారు), గట్టిగా తగిలే ప, ట్ట ఉన్నాయి. అన్నీ బాగున్నట్టే ఉంటాయి, పొద్దున వంటింట్లో ఎవరో ఒకరు "పొయ్యి మీద పాలు పెట్టాలె" అనేదాకా. పా-ల-పి-ట్ట, పా-లు-పె-ట్టా. హల్లులన్నీ అవే, అదే వరుసలో. మొదటి అచ్చు కూడా అదే. తేడా అంతా మధ్యలో ఉన్న రెండు పొట్టి అచ్చుల్లో, చివరి అచ్చు నిడివిలో ఉంది. గబగబా మాట్లాడేటప్పుడు మనం నలిపేసేది సరిగ్గా ఆ మధ్య అచ్చులనే. అరుదైన మాటే, కానీ దాని పక్కింట్లో ఉన్న మాట రోజూ వినబడేది. ఈ పేరు వద్దు.

జటాయు? కోస్తాలో పనికొస్తుందేమో గానీ మా వైపు కష్టం. మేం "లేటాయె, బస్సు పోయింది", "గింత రేటాయె" అని రోజంతా అంటుంటాం. టా-య్ అన్న నడుము భాగం అచ్చంగా అదే, మిగిలింది ముందు ఒక చిన్న అక్షరం, వెనక ఒక అచ్చు. అంటే పేరు మంచిదా కాదా అన్నది పేరులోనే తేలదు, ఆ ఇంటి యాసతో కలిపి చూస్తేనే తేలుతుంది. వేరే ఊళ్లో బాగా పనిచేసిందని తెచ్చి పెట్టుకుంటే నడవదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కిష్కింధ వీటికంటే చాలా నయం. మొదట్లోనే క-ష-క వరుసగా వస్తాయి, అలాంటి కలయిక మామూలు మాటల్లో తక్కువ. తోకకు 'కింద' తగులుతుంది నిజమే, "కుర్చీ కింద", "ఫ్రిజ్ కింద" లాంటివన్నీ పరీక్షలో పెట్టాలి. నానమ్మ 'కిస్కింద' అంటుంది కాబట్టి నేర్పేటప్పుడు అదీ చేర్చాలి, లేకపోతే అందరికీ పలికి ఆమెకు మాత్రం పలకదు. ఒక చిక్కు మిగులుతుంది: పిల్లలు అల్లరి చేస్తే "ఏందీ కిష్కింధకాండ" అంటారు. అది పోలిక కాదు, అదే మాట, హద్దు ఎంత పెంచినా ఆగదు. ముందు 'హలో' తగిలించాలి. ఫోన్లో హలో అంటూనే ఉంటాం గానీ దాని వెనకే కిష్కింధ రాదు, పిల్లల్ని తిట్టేటప్పుడు ముందు హలో అనం.

ఇక పరీక్ష. టీవీ సీరియల్, భోజనాల దగ్గర మాటలు, చుట్టాలొచ్చినప్పటి సందడి, ఇంట్లో వాళ్లకు చెప్పి రికార్డు చేసి వినిపించాలి. ఓపెన్‌వేక్‌వర్డ్ వాళ్లు పెట్టుకున్న లక్ష్యం గంటకు అరసారి కంటే తక్కువ తప్పుడు లేవడాలు, అంటే పన్నెండు గంటలు మాటలు నడిచే ఇంట్లో ఆరుసార్ల దాకా రావచ్చు, నాకైతే అది ఎక్కువే. పది గంటలు వినిపిస్తే ఒక్కసారీ లేవలేదని సంబరపడొద్దు. గణాంకాల్లో ఒక మోటు లెక్క ఉంది: సున్నా వస్తే మూడును గంటలతో భాగించాలి. పది గంటలకు 0.3, అంటే గంటకు 0.3 సార్ల దాకా లేచే పేరు కూడా ఆ పరీక్ష దాటేయొచ్చు. ఇరవై నాలుగు గంటల్లో ఒకసారి కంటే తక్కువ అని నమ్మకంగా చెప్పాలంటే 72 గంటల మాటలు కావాలి. ఆ మాటలతో పాటే, ఇంట్లో ప్రతి ఒక్కరితో పక్క గదిలోంచి, ఫ్యాన్ తిరుగుతుండగా ఆ పేరు పిలిపించాలి. హద్దు 0.5 నుంచి 0.7కు పెంచితే తప్పుడు లేవడాలు తగ్గుతాయి, కానీ నిజంగా పిలిచినప్పుడు పలకకపోవడం పెరుగుతుంది. హద్దు అంత పెంచితే గానీ నోరు మూసుకోని పేరైతే, హద్దును వదిలేసి పేరు మార్చండి.