కన్వెక్సిటీ కలిపేస్తే లెక్క సరిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

యీల్డ్ మారితే బాండు ధర ఎంత మారుతుందో అంచనా వేసే కొలత డ్యూరేషన్, ఆ అంచనాలో మిగిలే తేడాను సవరించేది కన్వెక్సిటీ. ఈ పోస్టంతా ఒకే బాండు మీద నడుస్తుంది. 30 ఏళ్ల ప్రభుత్వ బాండు, కూపన్ 7 శాతం, ఆరు నెలలకోసారి చెల్లింపు. యీల్డ్ కూడా 7 శాతమే కాబట్టి ధర సరిగ్గా రూ.100. దీని మాడిఫైడ్ డ్యూరేషన్ 12.47, కన్వెక్సిటీ 251. బ్యాంకుల వడ్డీ రిస్కు లెక్కల్లో తరచూ కనిపించే షాకే ఇక్కడా తీసుకుంటున్నాను: 200 బేసిస్ పాయింట్లు, అంటే 2 శాతం.

అపోహ: డ్యూరేషన్ అంచనా తప్పితే నష్టం మనకే.

అలా కాదు. 12.47ని 2తో గుణిస్తే 24.94. అంటే యీల్డ్ 9 శాతానికి పెరిగితే రూ.24.94 పోతుందని, 5 శాతానికి తగ్గితే అంతే వస్తుందని డ్యూరేషన్ చెబుతుంది. వచ్చే డబ్బులన్నిటినీ కొత్త యీల్డ్‌తో డిస్కౌంట్ చేసి చూస్తే అసలు సంగతి వేరు. 9 శాతం దగ్గర ధర రూ.79.36, అంటే నష్టం రూ.20.64 మాత్రమే. 5 శాతం దగ్గర రూ.130.91, అంటే లాభం రూ.30.91. మామూలు బాండు చేతిలో ఉన్నవాడికి రెండు వైపులా తేడా అనుకూలంగానే ఉంది. అదే బాండును షార్ట్ చేసినవాడికి మాత్రం రెండు వైపులా ఎదురుదెబ్బే.

కారణం సులువే. డ్యూరేషన్ స్థిరంగా ఉండదు. యీల్డ్ 9 శాతానికి చేరేసరికి అది దాదాపు 10.7కి తగ్గిపోతుంది, 5 శాతానికి దిగేసరికి 14.5కి పెరుగుతుంది. పడేటప్పుడు వేగం తగ్గుతూ, పెరిగేటప్పుడు పుంజుకుంటూ ఉంటుందన్నమాట.

అపోహ: కన్వెక్సిటీ ఎప్పుడూ కలపాల్సిందే.

సవరణ = ధర × సగం × కన్వెక్సిటీ × యీల్డ్ మార్పు వర్గం. ఇక్కడ 2 శాతాన్ని 0.02గా వేయాలి. 25 బేసిస్ పాయింట్లకు అది రూ.100కి 8 పైసలు. రోజువారీ కదలికలకు దాని కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మార్పు ఎనిమిది రెట్లయి 200కి చేరితే సవరణ అరవై నాలుగు రెట్లవుతుంది: రూ.5.02.

అపోహ: సవరణ వేశాక వచ్చే సంఖ్య సురక్షితమైన అంచనా.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. వడ్డీ పెరిగిన వైపు చూడండి: -24.94కు 5.02 కలిపితే -19.92. అసలు నష్టం 20.64. రూ.4.30 ఉన్న తప్పు 72 పైసలకు దిగింది, మంచిదే. కానీ తప్పు దిశ మారింది. డ్యూరేషన్ ఒక్కటే వాడినప్పుడు నష్టాన్ని ఎక్కువ చేసి చూపించాం, ఇప్పుడు తక్కువ చేసి చూపిస్తున్నాం. రిస్కు నివేదికలో రెండోదే చేటు.

సూత్రం 251నే చివరిదాకా వాడుతుంది. నిజానికి యీల్డ్ పెరిగేకొద్దీ కన్వెక్సిటీ కూడా కరిగిపోతుంది. 9 శాతం దగ్గర అది 197కి అటూ ఇటూ. దారి పొడవునా తగ్గుతూ వచ్చిన రక్షణను మొదట్లో ఉన్నంతగానే లెక్కేసుకున్నాం. వడ్డీ తగ్గిన వైపు ఈ ఇబ్బంది లేదు: అంచనా 29.96, అసలు లాభం 30.91.

అందుకే పెద్ద షాక్‌కు, అదీ ఒకే బాండు అయితే, నేరుగా ధర కట్టుకోవడమే మేలు. ఎక్సెల్‌లో ఒక్క వరుస పని:

```
=PRICE(DATE(2025,1,1),DATE(2055,1,1),7%,9%,100,2,0)
```

వందలాది బాండ్లున్న పోర్ట్‌ఫోలియోకు చేతిలో మొత్తం డ్యూరేషన్, మొత్తం కన్వెక్సిటీ మాత్రమే ఉన్నప్పుడు సవరణ నిజంగా పనికొస్తుంది.

అపోహ: తెర మీద కనిపించిన కన్వెక్సిటీని అలాగే సూత్రంలో వేసేయవచ్చు.

ఇదే బాండుకు ఒకచోట 251 కనిపిస్తుంది, ఇంకోచోట 2.51, మరోచోట 1005, ఎక్కడో 125.6. ఏదీ తప్పు కాదు. 2.51 అంటే వందతో భాగించి చూపారు. 1005 అర్ధసంవత్సరాల లెక్కలో ఉంది, నాలుగుతో భాగించాలి. 125.6లో 'సగం' ముందే కలిసిపోయింది, మళ్లీ సగం చేస్తే సవరణ సగమే అవుతుంది. కంటికి సులువుగా దొరకని పొరపాటు ఈ చివరిదే, ఎందుకంటే రూ.5.02కి బదులు రూ.2.51 వచ్చిన సవరణ కూడా చూడ్డానికి నమ్మదగ్గదిగానే ఉంటుంది.

మీకు కనిపించిన సంఖ్య ఏ లెక్కలో ఉందో పట్టుకోవడం ఇలా. యీల్డ్‌ను 10 బేసిస్ పాయింట్లు పెంచి ఒక ధర, తగ్గించి ఒక ధర కట్టండి. రెండూ కూడి, అసలు ధరకు రెట్టింపును తీసేయండి. మిగిలినదాన్ని అసలు ధరతోనూ, 0.001 వర్గంతోనూ భాగించండి. ఇక్కడ మిగిలేది సుమారు రూ.0.0251, అంటే 251 వస్తుంది. ధరలను పైసలకు రౌండ్ చేశారో, ఆ రెండున్నర పైసలు కాస్తా రెండో మూడో అయిపోతాయి. కనీసం నాలుగు దశాంశ స్థానాలు ఉంచండి.

అపోహ: కన్వెక్సిటీ ఎప్పుడూ ప్లస్సే.

కాల్ ఆప్షన్ లేని మామూలు బాండుకైతే నిజమే. వడ్డీ తగ్గితే సంస్థ ముందే తీర్చేసే హక్కున్న బాండు ధర కాల్ ధర దగ్గర ఆగిపోతుంది, అక్కడ కన్వెక్సిటీ మైనస్‌లోకి పోతుంది. పైన చెప్పిన పెంచి, తగ్గించి చూసే పద్ధతి దీనికీ పనికొస్తుంది, కాకపోతే ఆ రెండు ధరలూ కాల్ హక్కును లెక్కలోకి తీసుకునే మోడల్ నుంచి రావాలి. మెచ్యూరిటీ దాకా కూపన్లన్నీ వస్తాయని కట్టిన ధరలైతే ఎన్నిసార్లు లెక్కేసినా ప్లస్సే చూపిస్తాయి.