మూడేళ్ల అనుభవం ఉన్న ఫ్రెషర్ కావాలట! సైబర్ సెక్యూరిటీ ప్రకటనలపై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి రాయగడ వెళ్లినప్పుడు మా పిన్ని కూతురు ఫోన్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "అన్నయ్యా, పైన ఫ్రెషర్స్ అప్లై చెయ్యొచ్చు అన్నాడు, కింద మూడు నుంచి ఐదేళ్ల అనుభవం అన్నాడు. వీడికి ఎవరు కావాలి?"

బీసీఏ అయ్యాక అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటోంది తను. చేరి పద్నాలుగు నెలలైంది. నేను విశాఖలో ఒక సాక్‌లో, అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో పనిచేస్తాను. నాలుగేళ్లుగా అక్కడి ఎల్1, అంటే మొదటి మెట్టు ఉద్యోగాల ఇంటర్వ్యూలూ తీసుకుంటున్నాను. అరిసెలు తింటూ ఆ ప్రకటనను లైను లైనుగా చదివాం. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు పిల్లలు నన్ను అడిగేవి కూడా ఇవే ప్రశ్నలు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ప్రకటనలో రాసినవన్నీ ఉంటేనే అప్లై చెయ్యాలి.

ఆ ప్రకటన ఇలా ఉంది: సాక్ ఎనలిస్ట్ ఎల్1, ఫ్రెషర్స్ అప్లై చెయ్యొచ్చు. మూడు నుంచి ఐదేళ్ల అనుభవం. మైక్రోసాఫ్ట్ సెంటినెల్‌లో మాత్రం పదేళ్లు! సీఐఎస్‌ఎస్‌పీ తప్పనిసరి. పైథాన్, క్లౌడ్ తెలిసి ఉండాలి. పని: అలర్ట్‌లు గమనించడం, టికెట్ తెరవడం, అవసరమైతే ఎల్2కి పంపడం. రాత్రి షిఫ్టులు ఉంటాయి.

సెంటినెల్ అంటే లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి అలర్ట్‌లిచ్చే సాఫ్ట్‌వేర్. అది మార్కెట్లోకి పూర్తిగా వచ్చింది 2019 సెప్టెంబరులో. దాన్ని తయారుచేసినవాళ్లను పక్కన పెడితే 2029 దాకా ఆ పదేళ్లు ఎవరికీ నిండవు. ఇక సీఐఎస్‌ఎస్‌పీ, అంటే సెక్యూరిటీలో అనుభవం ఉన్నవాళ్లకిచ్చే సర్టిఫికెట్. అది పూర్తిగా చేతికి రావాలంటే పరీక్ష పాసైతే చాలదు. దాన్ని ఇచ్చేవాళ్లు చెప్పిన ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో ఐదేళ్లు పనిచేసి ఉండాలి. కంప్యూటర్ సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది, అంతే. అనుభవం లేకుండా పాసైనవాళ్లను అసోసియేట్ అంటారు, ఆ అనుభవం సంపాదించుకోవడానికి వాళ్లకు ఆరేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి ఫ్రెషర్‌ని సీఐఎస్‌ఎస్‌పీ అడగడమంటే పెళ్లిచూపులకు వచ్చిన పిల్లని మనవళ్లు ఎందరని అడగడమే.

మరి ఎందుకు రాస్తారు? నాకు తెలిసినంతలో మోసం కన్నా బద్ధకమే ఎక్కువ. మా దగ్గరే చూశాను. టీమ్ లీడ్ ఐదారు లైన్లు రాసి పంపుతాడు. హెచ్‌ఆర్ వాళ్లు నిరుడు ఎల్3 పోస్టుకి వాడిన పాత ప్రకటన తెరిచి, పైన పేరు మార్చి, ఈ లైన్లు అందులో అతికిస్తారు. అర్హతల భాగం పాతది, పని భాగం కొత్తది. అందుకే చెల్లికి చెప్పాను, ముందు పని భాగం చదువు, అర్హతలు తర్వాత చూద్దువు గాని అని. గమనించడం, నమోదు చేయడం, పైకి పంపడం అని ఉంటే అది నిజంగా ఎల్1. రూల్స్ రాయడం, దాడి జాడలు వెతకడం, టీమ్‌ని నడపడం అని ఉంటే పైన ఫ్రెషర్ అని రాసినా అది నీది కాదు. ఇలాంటి ప్రకటనల్లో నేను ఎక్కువగా నమ్మేది రాత్రి షిఫ్టుల లైను. పదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి రాత్రి రెండింటికి అలర్ట్‌లు చూడమని ఎవరూ కూర్చోబెట్టరు.

ఒక్కచోట మాత్రం అనుభవం లైను గట్టిదే. బ్యాంకు పనో ప్రభుత్వ ప్రాజెక్టో కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ మనుషుల్ని పెడుతుంటే, ఎన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ఎంతమందిని పెట్టాలో ఆ ఒప్పందంలోనే ఉండొచ్చు. అలాంటప్పుడు రెజ్యూమెలు క్లయింటుకి వెళ్తాయి. ప్రకటనలో "క్లయింట్ సైట్‌లో", "ప్రాజెక్టు కాలానికి" లాంటి మాటలు కనిపిస్తే ఫోన్ చేసి, ఈ ఏళ్లు కంపెనీ షరతా, క్లయింట్ షరతా అని అడగండి. క్లయింట్ షరతంటే వదిలెయ్యండి. మీరెంత తెలివైనవాళ్లయినా అక్కడ వాళ్ల చేతులు కట్టేసి ఉంటాయి.

అపోహ: ఐటీ సపోర్టులో చేసింది సెక్యూరిటీ అనుభవం కాదు.

"నేను చేసేది పాస్‌వర్డ్‌లు మార్చడమే కదా" అంది చెల్లి. పోయిన నెలలో తలనొప్పి తెప్పించిన పని ఒకటి చెప్పమన్నాను. ఒక నర్సు అకౌంటు రోజూ పొద్దున్నే లాక్ అయ్యేదట. అన్‌లాక్ చేస్తే మర్నాడు మళ్లీ అదే కథ. మూడో రోజు సర్వర్లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4740 ఈవెంట్ చూసింది. అకౌంటు లాక్ అయినప్పుడు విండోస్ రాసేది అదే, ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో పేరు కూడా అందులో ఉంటుంది. ఆ పేరు నర్సు కూర్చునే చోటిది కాదు, ఫార్మసీ కౌంటర్‌ది. గతంలో ఆవిడ అక్కడ కూర్చున్నప్పుడు షేర్డ్ ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ సేవ్ చేసింది. తర్వాత పాస్‌వర్డ్ మారింది గాని ఆ కంప్యూటర్‌కి పాతదే గుర్తు. పొద్దున కౌంటర్ తెరవగానే పాతదాన్నే పదేపదే పంపేది.

ఇది అచ్చంగా ఎల్1 పని. అలర్ట్ వచ్చింది, లాగ్ చూసింది, దాడా పొరపాటా తేల్చింది, కారణం తీసేసింది. తన రెజ్యూమెలో మాత్రం "కంప్యూటర్ మెయింటెనెన్స్" అని రెండే ముక్కలు! కొట్టేసి ఇలా రాయించాను: పదేపదే లాక్ అవుతున్న అకౌంటుని ఈవెంట్ 4740 ద్వారా పరిశోధించి, మూలమైన కంప్యూటర్‌ని గుర్తించి సరిచేశాను. పద్నాలుగు నెలలను రెండేళ్లని మాత్రం రాయనివ్వలేదు.

అపోహ: హ్యాకింగ్ టూల్స్ నేర్చుకుంటే ఉద్యోగం వచ్చినట్టే.

ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లలో చాలామంది హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్స్ గురించి గడగడా చెప్తారు. నేను ఒక కాగితం ఇస్తాను. అందులో ఇలాంటి లైన్లు ఓ ముప్పై ఉంటాయి:

```
Jan 14 02:11:07 web1 sshd[2114]: Failed password for root from 203.0.113.45 port 50122 ssh2
Jan 14 02:11:10 web1 sshd[2117]: Failed password for invalid user admin from 203.0.113.45 port 50131 ssh2
Jan 14 02:26:41 web1 sshd[2390]: Accepted password for billing from 203.0.113.45 port 51877 ssh2
```

పదిమందిలో ఏడెనిమిది మంది "బ్రూట్ ఫోర్స్ దాడి, ఐపీ బ్లాక్ చేస్తాను" అని కాగితం వెనక్కిచ్చేస్తారు. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఏ సర్వర్‌కైనా Failed లైన్లు, అంటే పాస్‌వర్డ్ ఊహించి చూసే ప్రయత్నాలు, రోజూ వస్తూనే ఉంటాయి, అవి వీధికుక్కల అరుపులు. అసలు సంగతి చివరి లైనులో ఉంది. అదే ఐపీ నుంచి, రాత్రి 2:26కి, billing పేరుతో లోపలికి వెళ్లారు. ఇప్పుడు ఐపీని బ్లాక్ చేసి ఊరుకుంటే దొంగ ఇంట్లో ఉండగా గేటు వేసినట్టే. ఆ billing వాడే మనిషి ఎవరు, ఆ వేళకి లాగిన్ అయింది తనేనా, ఆ తర్వాత ఆ సెషన్‌లో ఏం జరిగింది అని అడిగి, వెంటనే ఎల్2కి చెప్పాలి. టికెట్‌లో ఏం చూశాను, ఏం సరిచూశాను, ఇంకా ఏం తెలియదు అన్న మూడూ రాయాలి. మావైపు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో హిందీ మాట్లాడి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్‌లో టికెట్ రాయాల్సొస్తే చెయ్యి ఆగిపోతుంది. కమాండ్‌ల కన్నా ముందు రోజుకొకటి అలాంటి ఐదు లైన్లు రాసి చూడమంటాను. సాధనకి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, openssh-server ఇన్‌స్టాల్ చేసి, పక్క ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాప్ నుంచి తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వడానికి ప్రయత్నించండి. తర్వాత ఇది కొట్టండి:

```
sudo grep -E "(Failed|Accepted) password" /var/log/auth.log
```

ఏమీ రాకపోతే ముందు openssh-server ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడండి.

అపోహ: డబ్బు కడితే కన్సల్టెన్సీవాళ్లు అనుభవం సర్దుతారు.

సర్దుతారు, కాగితం మీద. చేరాక వెరిఫికేషన్‌లో పీఎఫ్ చరిత్ర అడుగుతారు, ఆ మూడేళ్లకి అక్కడ ఒక్క నెల జమ కూడా కనబడదు. సెక్యూరిటీ టీమ్‌లో అబద్ధంతో దొరికినవాణ్ణి ఉంచుకునే మేనేజర్‌ని నేనింకా చూడలేదు.

ఆ రాత్రి చెల్లి రెండు ప్రకటనలకి అప్లై చేసింది. మూడోది క్లయింట్ సైట్‌ది. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే మూడేళ్లూ క్లయింట్ షరతేనన్నారట, అది వదిలేసింది.